పేరు చెప్పకుండా, ఇంజెక్షన్ దాచకుండా: మా జిమ్ సభ్యురాలి కథ ఎలా రాశామంటే

మా జిమ్‌లో ఒక సభ్యురాలు దాదాపు ఏడాదిలో 86 కిలోల నుంచి 74 కిలోలకు వచ్చారు. జిమ్ నడిపేవాడి చేతికి ఇలాంటి అంకె దొరికితే ఏం చేస్తాడో అందరికీ తెలిసిందే. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి, కింద "12 నెలల్లో 12 కిలోలు" అని లావుపాటి అక్షరాల్లో వేస్తాడు. మా కోచ్ ఆ డిజైన్ అప్పటికే ఫోన్‌లో చేసేసుకుని వచ్చాడు. "ఆవిడ కాదనరు సార్, నేను అడుగుతా" అన్నాడు. కాదనరన్న నమ్మకం నాకూ ఉంది. అందుకే వాణ్ణి అడగొద్దన్నాను.

ఆవిడ వారానికి మూడు రోజులు వాడి చేతికింద వ్యాయామం చేస్తారు. బార్ వెనక నిలబడి, పడిపోకుండా పట్టుకునే మనిషి "మీ ఫోటో పెట్టుకోవచ్చా మేడం?" అని అడిగితే ఎవరికైనా వద్దనడం కష్టం. రేపు మళ్లీ అతని ముఖమే చూడాలి. అలా మొహమాటానికి వచ్చే ఒప్పుకోలును నేను ఒప్పుకోలు కింద లెక్కేయను. ఫీజు కట్టే రోజున కౌంటర్ దగ్గర అడిగినా ఇదే సంగతి. మెంబర్‌షిప్ మీద తగ్గింపు ఇచ్చి అడిగితే ఇంకో చిక్కు ఉంది. అప్పుడు అది కథ కాదు, డబ్బిచ్చి చేయించుకున్న ప్రకటన. ఆ సంగతి పోస్ట్‌లోనే రాయాల్సి వస్తుంది.

అందుకని మా పద్ధతి ఇలా పెట్టుకున్నాం. కోచ్ అడగడు, నేనే అడుగుతాను, అదీ కాగితం మీద. ఆ కాగితం జిమ్‌లో సంతకం పెట్టడానికి కాదు, ఇంటికి తీసుకెళ్లడానికి. కనీసం వారం గడిచాకే వెనక్కి తీసుకుంటాం. తిరిగివ్వకపోతే మళ్లీ గుర్తు చేయం, వద్దన్నట్టే అనుకుంటాం.

కాగితంలో "నా ఫోటోలు, వివరాలు వాడుకోవచ్చు" అన్న ఒక్క వాక్యం పెట్టి కింద సంతకం తీసుకుంటే సరిపోదు. ముఖం కనిపించే ఫోటో ఒక గడి, ముఖం కనిపించని ఫోటో ఇంకో గడి. పేరు, వయసు, బరువు, కొలతలు, ఆరోగ్య సమస్యలు, వాడుతున్న మందులు, తన నోటి మాటలు, ఇలా ఒక్కోదానికీ విడిగా అవును, కాదు ఉంటాయి. అవి ఎక్కడ వాడుకోవచ్చన్నది మళ్లీ విడిగా అడుగుతాం: జిమ్ గోడ మీదా, మా పేజీలోనా, డబ్బు కట్టి వేసే యాడ్‌లోనా అని. ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు గానీ అసలు తేడా అక్కడే. గోడ మీద ఫోటో చూసేది ఇక్కడికి వచ్చేవాళ్లు. పేజీలో చూసేది మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. యాడ్ అలా కాదు, వెతకనివాళ్ల ముందుకు కూడా వెళ్తుంది. ఆ వెతకనివాళ్లలో ఆవిడ ఆఫీసు మేనేజరు ఉండొచ్చు, పాత స్నేహితురాలు ఉండొచ్చు.

అనుమతి ఏడాదికే. ఏడాది దాటితే మళ్లీ అడగాలి, లేదంటే తీసేయాలి. మధ్యలో ఎప్పుడు వద్దన్నా, కారణం అడక్కుండా రెండు రోజుల్లో మా చేతిలో ఉన్న చోట్లన్నిటి నుంచీ తీసేస్తాం. దాని కిందే మిగతా అక్షరాలకంటే పెద్దగా ఇంకో వాక్యం ఉంటుంది: "ఈలోపు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసుకున్నా, వేరే చోట పంచుకున్నా దాన్ని వెనక్కి తేవడం మా వల్ల కాదు." ఆ వాక్యం చదివి కాగితం తిరిగివ్వనివాళ్లు కొంతమంది ఉన్నారు. అది ఆ పని చేయడానికే ఉంది.

ఆవిడ కాగితం తిరిగి తెచ్చారు. పేరుకు అవును, ముఖానికి అవును, బరువుకు అవును, యాడ్‌కు కాదు. మందుల గడి దగ్గర మాత్రం ఏ గుర్తూ లేదు. మర్చిపోయారేమో అనుకుని అడిగాను. ఆవిడ కాసేపు ఆగి, "మర్చిపోలేదు సార్. అక్కడ ఏం పెట్టాలో తెలియలేదు" అన్నారు.

అప్పుడు చెప్పారు. చేరిన ఏడో నెల చివర్లో డాక్టరు ఆవిడకు వారానికొకసారి తీసుకునే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఆకలిని తగ్గించే జీఎల్‌పీ-1 తరహా మందు అది. పేగుల్లో సహజంగా ఊరే ఒక హార్మోన్ లాగా పనిచేస్తుంది. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, కొంచెం తినగానే చాలనిపిస్తుంది. ఆ మధ్య సెట్ల నడుమ కళ్లు తిరుగుతున్నాయని ఆవిడ అన్నప్పుడు ఇంజెక్షన్ విషయం మా కోచ్‌కి మాత్రం చెప్పారట. వాడు ఆ మాట నా దాకా తేలేదు. ఆవిడ ఎవరికీ చెప్పొద్దన్నారు, వాడు చెప్పలేదు. అందులో తప్పేమీ లేదు, చేయాల్సిందే చేశాడు.

"ఇంట్లో మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. కష్టపడి తగ్గావు అంటున్నారు అందరూ. ఇప్పుడు ఇంజెక్షన్ అంటే, ఓస్ ఇంతేనా అంటారు. దాని సంగతి రాయకుండా మిగతాది పెట్టండి" అన్నారు.

మొదటి చూపుకు అది న్యాయమైన కోరికే. తన శరీరం, తన మందు. చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా ఆవిడ ఇష్టం. కానీ ఆ పోస్ట్ చదివేవాళ్లు కూడా ఉన్నారు కదా. "12 నెలల్లో 12 కిలోలు" అని మా జిమ్ పేరు కింద వేస్తే, వారానికి మూడు రోజులు వచ్చి బరువులెత్తితే అలా అవుతుందని చదివేవాళ్లు అనుకుంటారు. అది నిజం కాదు. వాళ్లు చేరతారు, ఐదో నెలలో నాలుగు కిలోల దగ్గర ఉంటారు, తమలోనే ఏదో లోపం ఉందనుకుని మానేస్తారు. ఒకరు దాచుకున్న వివరానికి ఇంకొకరు ఖర్చు కట్టినట్టు.

అందుకే ఆవిడకు ఒకే మాట చెప్పాను. "మీరు ఏదైనా దాచుకోవచ్చు మేడం. కాకపోతే దాచిన విషయం మీద ఆధారపడిన ప్రతి మాటా పోస్ట్‌లోంచి తీసేయాలి." మందు దాస్తే బరువు అంకె పోవాలి. నడుము కొలత పోవాలి, రెండు ఫోటోల జత పోవాలి. మిగిలేది మోకాలు, మెట్లు, ఎత్తిన బరువు. వాటితో కూడా మంచి కథే అవుతుంది, పేరుతో, ముఖంతో వేయొచ్చు. లేదంటే పేరు, ముఖం తీసేసి మొత్తం ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. రెండిట్లో ఏదీ వద్దన్నా నాకు ఇబ్బంది లేదన్నాను.

ఆవిడ ఇంటికెళ్లి ఆలోచించుకుని రెండోదాన్ని ఎంచుకున్నారు. "పేరుతో సగం కంటే, పేరు లేకుండా మొత్తం నయం" అన్నారు. నేను మొదటిదే ఎంచుకుంటారనుకున్నాను, నిజం చెప్పాలంటే జిమ్‌కి కూడా అదే లాభం. ముఖం ఉన్న పోస్ట్‌కీ ముఖం లేని పోస్ట్‌కీ వచ్చే స్పందనలో చాలా తేడా ఉంటుంది. ఇప్పుడు మీరు చదువుతున్నది ఆ రెండో కథ. ఇందులోని ప్రతి వాక్యాన్నీ ఆవిడ చదివారు, కొన్ని కొట్టేశారు, ఒకటి చేర్చారు.

సరే, అంకెలు. ఆవిడ వయసు, ఉద్యోగం, వచ్చే సమయం ఇక్కడ రాయడం లేదు. మూడూ కలిస్తే జిమ్‌లో ఎవరైనా పోల్చుకుంటారు. బరువులు, కొలతలు మాత్రం మా రికార్డులో ఉన్నవే.

మొదటి రెండు వారాల్లో బరువు 86 నుంచి 84.4కు దిగింది. ఆవిడకు ఆ వారం పండగలా ఉంది. ఈ లెక్కన వారానికి 800 గ్రాములు, ఏడాదికి ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. ఆ రోజే కూర్చోబెట్టి చెప్పాం. తిండి తగ్గించగానే, ముఖ్యంగా పిండి పదార్థాలు తగ్గగానే, కండల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉన్న చక్కెర, అంటే గ్లైకోజెన్, ఖర్చవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయితే నీరూ పోతుంది. మొదటి పక్షంలో కాటా మీద కనిపించే తగ్గుదలలో పెద్ద వాటా ఆ నీరే. మళ్లీ బాగా తింటే అందులో కొంత తిరిగొస్తుంది. "రెండు వారాల్లో ఇంత తగ్గారు" అని ఎక్కడైనా పోస్ట్ కనిపిస్తే, అది ఎక్కువగా ఈ నీటి గురించే అనుకోవచ్చు.

ఆ తర్వాత నడక నెమ్మదించింది. ఐదో నెల చివరికి 82. అంటే మొత్తం నాలుగు కిలోలు. నడుము 102 సెంటీమీటర్ల నుంచి 98కి వచ్చింది. ఐదో నెల నుంచి ఏడో నెల దాకా కాటా 82 దగ్గరే ఊగిసలాడింది, ఒక వారం 81.6, ఇంకో వారం 82.5. బరువును మేం ఒక్కరోజు అంకెతో చూడం. ఇంట్లోనే పొద్దున్నే, కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు, వారంలో మూడుసార్లు చూసుకుని సగటు పంపమంటాం. ఉప్పు, నీళ్లు, నిద్ర, నెలసరి, కిందటి రోజు చేసిన భారీ వ్యాయామం, వీటివల్ల రోజు రోజుకీ కిలో రెండు కిలోల తేడా రావడం మామూలే. పోస్ట్‌లో వేసే అంకె కూడా ఆ వారం సగటే. మనకు నచ్చిన రోజు తూకం ఏరుకుంటే 86ని 87గా, 74ని 73గా చూపించొచ్చు. ఏ అబద్ధమూ ఆడకుండానే రెండు కిలోలు పెరిగిపోతాయి.

ఆ రెండు నెలలూ కాటా కదల్లేదు గానీ మిగతావి కదిలాయి. నడుము ఇంకో సెంటీమీటరు తగ్గింది. మొదటి రోజున 12 కిలోల కెటిల్‌బెల్‌ని నేల మీద నుంచి ఎత్తడానికే నడుము వంచి ఇబ్బంది పడ్డ మనిషి, ఏడో నెలకు 50 కిలోల బార్‌ని నేల మీద నుంచి ఎత్తి నిటారుగా నిలబడే డెడ్‌లిఫ్ట్‌ను వరసగా ఐదుసార్లు చేశారు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చునే పరీక్ష ఒకటి ఉంది, 30 సెకన్లలో ఎన్నిసార్లు లేస్తారో చూస్తారు. అది 10 నుంచి 15కి పెరిగింది. ఆవిడ అసలు జిమ్‌కి వచ్చింది మోకాళ్ల కోసం. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవడం మానేసింది ఈ నెలల్లోనే, ఇంజెక్షన్‌కు ముందే. ఈ మాట పోస్ట్‌లో తప్పకుండా ఉండాలని ఆవిడే పట్టుబట్టారు.

ఇంజెక్షన్ మొదలయ్యాక ఏడాది చివరికి 82 నుంచి 74. ఐదు నెలల్లో ఎనిమిది కిలోలు. ఇక్కడ "నాలుగు కిలోలు జిమ్, ఎనిమిది కిలోలు మందు" అని గీత గీసేయాలని అనిపిస్తుంది. అది కూడా సరి కాదు. ఆ ఐదు నెలలూ ఆవిడ వ్యాయామం మానలేదు. మందు లేకపోతే 82 దగ్గరే ఉండేవారో, ఇంకో రెండు కిలోలు తగ్గేవారో ఒక్క మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే మేం రాసింది ఇంతే: మొదటి ఏడు నెలల్లో తిండి మార్పుతో, వ్యాయామంతో నాలుగు, తర్వాత ఐదు నెలల్లో వాటికి డాక్టరు రాసిన మందు తోడై ఎనిమిది.

మందు వచ్చాక జిమ్‌లో పని తేలిక కాలేదు, కష్టమైంది. డోసు మెట్టు మెట్టుగా పెంచుతారు. పెంచిన ప్రతిసారీ కొన్ని రోజులు వికారం, తిండి సయించదు. సరిగ్గా తినకుండా వచ్చి బరువులెత్తితే ఏమవుతుంది? మూడో సెట్‌కి ముఖం తెల్లబడింది, బార్ దించి బెంచీ మీద కూర్చుండిపోయారు. మా కోచ్ చేసిన మొదటి పని, డాక్టరుకు ఫోన్ చేసి కళ్లు తిరుగుతున్న సంగతి చెప్పమనడం. మందు మాట మా పని కాదు, మా పని వ్యాయామమే. డోసు తీసుకున్న మర్నాడు జిమ్ పెట్టుకోకుండా రోజులు మార్చారు. సెట్లు తగ్గించి, మధ్యలో విశ్రాంతి పెంచారు. ఎత్తే బరువును మాత్రం వీలైనంతవరకు తగ్గించలేదు. ఒంటి బరువు వేగంగా తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కొంత కండ కూడా పోతుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి ముఖ్యమైన మార్గాలు రెండు, కండకు భారం ఇస్తూ ఉండటం, సరిపడా ప్రోటీన్ తినడం. ఆకలే లేని మనిషికి ఈ రెండోది పెద్ద పరీక్ష. డైటీషియన్ ఆవిడకు ప్రతి భోజనంలో ముందు ప్రోటీన్ తిని తర్వాతే మిగతాది తినమన్నారు, కడుపు నిండిపోయేలోపు ముఖ్యమైంది లోపలికి పోవాలని.

డెడ్‌లిఫ్ట్ దాదాపు రెండు నెలలు 50 దగ్గరే ఆగిపోయింది. చివరికి 60 కిలోలు ఐదుసార్లకు చేరింది. నడుము 90. "ఇంజెక్షన్ వేసుకుంటే కూర్చుని తగ్గిపోతారు" అనే మాట ఆవిడ ముందు అనకండి, మీకే మంచిది.

ఇక ఫోటోలు. రెండో కథను ఎంచుకున్నాక ముఖం తీసేసి మెడ కింది నుంచి వేద్దామా అని మా కోచ్ అడిగాడు. వాడికి ఒక ప్రయోగం చూపించాను. నేనే చొక్కా తీసి గోడకు ఆనుకుని నిలబడ్డాను. నెత్తి మీది ట్యూబ్‌లైట్ ఆపి ఎదురుగా ఉన్న లైటు వేసి, భుజాలు జారవిడిచి, పొట్ట వదిలేసి ఒకటి తీయమన్నాను. తర్వాత పైనుంచి పడే లైటు వేసి, కాసేపు పుషప్స్ తీసి, ఊపిరి వదిలి పొట్ట బిగించి, కొంచెం పక్కకు తిరిగి ఇంకొకటి. నిక్కరు నాడా కూడా బొడ్డు పైకి లాగి కట్టాను. రెండు ఫోటోలకూ మధ్య పావుగంట కూడా లేదు. వాటిని పక్కపక్కన పెడితే మూడు నెలల కష్టం అన్నట్టు ఉంది. వాడు నవ్వి, "సార్, ఇది పెట్టేద్దామా?" అన్నాడు. పెట్టాం కూడా, కింద అసలు సంగతి రాసి.

పైనుంచి పడే వెలుతురు కండల కింద నీడలు వేస్తుంది, ఎదురుగా పడేది వాటిని చెరిపేస్తుంది. కెమెరా ఎంత ఎత్తులో, ఎంత దూరంలో ఉందన్నది నడుము వెడల్పునే మార్చేస్తుంది. అందుకే ఎవరైనా తమ మార్పును ఫోటోల్లో చూసుకోవాలనుకుంటే మేం నేల మీద రెండు టేపు ముక్కలు అతికించాం, ఒకటి కెమెరా స్టాండ్‌కి, ఒకటి పాదాలకి. లెన్సు బొడ్డు ఎత్తులో ఉంటుంది. అదే లైటు, పొద్దున పూట, అవే బట్టలు, చేతులు పక్కన, మామూలుగా ఊపిరి వదిలాక. నెలకొకటి. ఆ ఫోటోలు సభ్యుల ఫోన్‌లోనే ఉంటాయి, మా దగ్గర కాపీ ఉండదు. ఆవిడ మొదటి రోజు ఫోటో వద్దన్నారు. చాలామంది అనే మాటే అది, బలవంతం చేయం. కాబట్టి పోల్చదగిన "ముందు" ఫోటో లేనే లేదు. ఎవరి పెళ్లిలోనో తీసిన పాత ఫోటో ఒకటి తెచ్చారు గానీ అందులో వెలుతురు వేరు, నిలబడిన తీరు వేరు, బట్టలు వేరు. దాన్ని ఇప్పటి ఫోటో పక్కన పెడితే అందులో ఎంత మార్పు ఆవిడదో, ఎంత కెమెరాదో ఎవరూ విడదీయలేరు. ఫోటోలు లేకుండానే వేద్దామనుకున్నాం.

నడుము కొలతకూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. ఒకసారి బొడ్డు మీద, ఇంకోసారి దాని పైన కొలిస్తే మూడు నాలుగు సెంటీమీటర్లు ఊరికే వచ్చి పడతాయి. చివరి పక్కటెముక అంచుకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన, చర్మాన్ని నొక్కకుండా, మామూలుగా ఊపిరి వదిలాక టేపు చదవాలి. ఏడాది పొడుగునా ఆవిడకు కొలిచింది ఒక్కరే, మా మహిళా కోచ్. మా దగ్గర కొవ్వు శాతం చూపించే మెషిన్ ఉంది, కాళ్లు చేతులు ఆనిస్తే అంకె వస్తుంది. ఆ అంకె పోస్ట్‌లో వేయలేదు. అది శరీరంలోంచి సన్నటి కరెంటు పంపి వేసే అంచనా. ఒంట్లో నీరు ఎక్కువ తక్కువైతే అంకె మారిపోతుంది. నీళ్లు తాగకముందు ఒకటి, తర్వాత ఒకటి చూపించే మెషిన్ మాట మీద ఒక మనిషి కథ రాయకూడదు.

రాసింది ఆవిడకు పంపాను. ఆవిడ కొట్టేసినవాటిలో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటి ఉంది. "ఆత్మవిశ్వాసం తిరిగొచ్చింది" అని రాశాను. "నాకు ముందు కూడా ఉంది సార్. లావుగా ఉన్నానని లేదనుకున్నారా?" అని పక్కన రాసి పంపారు. మారుమాట్లాడకుండా తీసేశాను. "పాత జీవితం", "కొత్త మనిషి" లాంటి మాటలూ పోయాయి. ఆవిడ చేర్చింది ఈ వాక్యం: "ఇంట్లో వంట పని మా ఆయన సగం తీసుకున్నారు కాబట్టే నేను వారానికి మూడు రోజులు రాగలిగాను." జిమ్‌వాళ్లు ఇలాంటి వాక్యం తమంతట తాము ఎప్పుడూ రాయరు. బరువు తగ్గడానికి కావాల్సినవాటిలో మూడు గంటల ఖాళీ సమయం కూడా ఒకటని గుర్తురాదు.

చదివేవాళ్లకు ఏం ఆశించవచ్చో చెప్పే భాగాన్ని చివర్లో చిన్న అక్షరాల్లో "ఫలితాలు మనిషిని బట్టి మారతాయి" అని వదిలేయడం నాకిష్టం లేదు. అది ఎవరూ చదవరు, రాసేవాళ్లు కూడా చదవకూడదనే రాస్తారు. దాన్ని అంకెల పక్కనే పెట్టాం. మా దగ్గర మొదటి ఆరు నెలల్లో క్రమం తప్పకుండా వచ్చేవాళ్లలో ఆవిడ తొలి నాలుగు కిలోల లాంటి మార్పే ఎక్కువగా కనిపిస్తుంది, పన్నెండు కాదు. కొందరికి కాటా అసలు కదలదు, బలం మాత్రం పెరుగుతుంది. మధ్యలో మానేసేవాళ్లు కూడా చాలామందే, వాళ్ల ఫోటోలు ఏ గోడ మీదా ఉండవు. అందువల్ల గోడను చూసి జిమ్ సగటును లెక్కగట్టకండి అని అదే పేరాలో రాశాం.

మందు గురించి కూడా ఒక మాట రాయక తప్పలేదు, ఎందుకంటే ఇది చదివి "ఆ ఇంజెక్షన్ పేరేంటి?" అని అడిగేవాళ్లు వస్తారు, వచ్చారు కూడా. పేరు చెప్పం. ఎవరికి పనికొస్తుంది, ఎవరికి ప్రమాదం అన్నది డాక్టరు చూసి చెప్పాల్సిన విషయం. దాని తర్వాతి సంగతి మాత్రం చెప్పాం. ఇదే జీఎల్‌పీ-1 తరహా మందుల్లో ఒకటైన సెమాగ్లూటైడ్ మీద జరిగిన ఒక పెద్ద ట్రయల్‌లో, మందునూ దానితో పాటు ఇచ్చే సలహాలనూ ఆపి ఏడాది గడిచేసరికి, తగ్గిన బరువులో సగటున మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. అందుకే 74ని మేం గమ్యంలా రాయలేదు. ఏడాది చివర కాటా ఎక్కడుందో అంతే.

కామెంట్ల సంగతి కూడా ముందే అడిగాను. ముఖం లేకపోయినా శరీరం గురించి మాట్లాడేవాళ్లు మాట్లాడతారు. "ఓస్ ఇంతేనా" అనేవాళ్లు, ఆవిడ భయపడ్డట్టే, ఉంటారు. కామెంట్లు ఆపేయమన్నారు. ఆపేశాం. పోస్ట్ ఎంతమందికి చేరుతుందన్నది దానివల్ల తగ్గుతుందని మా కోచ్ గొణిగాడు. తగ్గితే తగ్గనీ.

ఆఖరి ముసాయిదా ఆవిడ చేతిలో ఉండగానే డాక్టరు డోసు తగ్గించారు. ఆ నెల సగటు 75.5 అయింది. ఆవిడ కొంచెం ఇబ్బందిగానే అడిగారు, "74 అని ఉంచేద్దామా సార్, అప్పటికి నిజమే కదా" అని. రెండూ వేద్దామన్నాను: ఏడాది చివర 74, ఇది రాసే నాటికి 75.5, డెడ్‌లిఫ్ట్ 62.5. ఒప్పుకున్నారు. కాగితం మీద అనుమతి గడువు తేదీ కూడా వేసుకున్నాం. ఆ రోజు మళ్లీ అడుగుతాను, అప్పటి అంకె ఎంతైనా అదే చేరుస్తాం. వద్దంటే మొత్తం తీసేస్తాం.